‘ఇచ్చితివి’యా, ‘ఇచ్చితిమి’యా? – ఒక కుటుంబలేఖ ఆంగ్లానువాదంలో సందిగ్ధపాఠ సూచన

తెలుగు చదవడం రాని ఒక మనుమరాలు, తన నాయనమ్మ కుమారునికి వ్రాసిన ఉత్తరం ఛాయాచిత్రాన్ని పంపి ఆంగ్లానువాదం కోరారు. పొలం అమ్మిన పైకం ‘మామ’కు ముట్టిందా లేదా అన్నది ఆ కుటుంబంలో నేటికీ తెగని తగవు. ఆ ఒక్క వాక్యాన్ని చదివి అనువదించిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

మొదట కాలనిర్ణయం. ఉత్తరంపై ‘ప్లవ, మార్గశిర బహుళ’ అని ఉంది; తిథి చెరిగిపోయింది. ప్లవ అరవై ఏళ్లకొకసారి వస్తుంది. లోపల ‘నయాపైసలు’ అన్న మాట ఉంది. ఆ నాణేలు 1957లో చలామణిలోకి వచ్చాయి కనుక ఇది 1901 నాటిది కాదు. ఉత్తరం అందుకున్న కుమారుడు 2021కి ముందే గతించారు కనుక 1961-62 నాటిదే. ఆ ఏడు మార్గశిర బహుళపక్షం డిసెంబరు చివర మొదలై జనవరిలో ముగిసింది. కాబట్టి అనువాదంలో ‘1961 డిసెంబరు లేదా 1962 జనవరి’ అని చూపాను.

అసలు చిక్కు ‘పైకము మామకు ఇచ్చితి–’ అన్నచోట ఉంది. కాగితం మడత చివరి అక్షరం మీదుగా పోయింది. ‘వి’కి కుడివైపు తోక చేరిస్తే ‘మి’ అవుతుంది. తోక ఉంటే ఇచ్చినవారు ‘మేము’, లేకుంటే ‘నీవు’. పక్కనుండి వెలుగు పడేలా మళ్లీ ఫొటో తీయించాను. తోక ఉండవలసిన చోట కాగితమే చిరిగిపోయిందని తేలింది. తరువాతి వాక్యం ‘రశీదు నా వద్ద ఉన్నది’. రశీదు సాధారణంగా సొమ్ము చెల్లించినవారి దగ్గర ఉంటుంది కనుక ‘ఇచ్చితిమి’ వైపు మొగ్గు ఉంది. అయితే కొడుకు చెల్లించి రశీదును తల్లి దగ్గర దాచి ఉండవచ్చు. అందుచేత ఇది అనుమానమే తప్ప పాఠనిర్ణయం కాదు.

ఇక ‘మామ’. మేనమామ, మేనత్త భర్త, పిల్లనిచ్చిన మామ – ముగ్గురికీ ఇదే పిలుపు. ‘అంకుల్’ అంటే ఈ భేదం మాయమవుతుంది. తల్లి కొడుకుకు వ్రాసేటప్పుడు కొడుకు వరుసతోనే పిలవడం వాడుక. ‘మామ వచ్చినాడు’ అని ‘గారు’ లేకుండా, ఏకవచనంతో వ్రాయడాన్ని బట్టి వియ్యంకుడు, ఆడపడుచు భర్త అనే అవకాశాలు సన్నగిల్లుతాయి. ఆమె తమ్ముడు కావచ్చు. తమ్ముళ్లు ఒకరికంటె ఎక్కువమంది ఉంటే ఎవరన్నది ఉత్తరం చెప్పదు.

కాబట్టి అనువాదంలో ‘[వి? / యు?] గేవ్ ద మనీ టు మామ’ అని ఉంచి, రెండు పాఠాలకూ, ‘మామ’ అన్న మాటకూ అధస్సూచికలు వ్రాశాను. ఒక పాఠాన్ని ఎంచి సాఫీగా అనువదించి ఉంటే, చిరిగిన కాగితం చెప్పని సాక్ష్యాన్ని అనువాదకుడు చెప్పినట్లయ్యేది. తెలుగు రాని చదువరికి దాన్ని సరిచూసుకునే దారి ఉండేది కాదు.