ముప్ఫై శాతమా, పన్నెండు శాతమా?

2008-09 ఆర్థిక సంవత్సరానికి ఇన్ఫోసిస్ ఆదాయం రూపాయల్లో 16,692 కోట్ల నుంచి 21,693 కోట్లకు పెరిగింది. అంటే 30 శాతం. అదే ఆదాయం డాలర్లలో 417.6 కోట్ల నుంచి 466.3 కోట్లకు, అంటే 11.7 శాతమే. రెండూ నిజమే. మాంద్యం ఏడాదిలో "ఇంత పెరిగితే మా జీతాలెందుకు పెరగలేదు?" అని అడిగేవాళ్ళు ముందు ఈ తేడా ఎక్కడిదో చూడాలి.

ఆదాయాన్ని ఆదాయంతో భాగిస్తే డాలరు సగటు రేటు వస్తుంది. ముందటేడు సుమారు 40 రూపాయలు, ఆ ఏడు 46.50. రేటు ఒక్కటే 16 శాతం పెరిగింది. 1.117ని 1.163తో గుణించండి, 1.30 వస్తుంది. అంటే ఆ ముప్ఫైలో సగానికి పైగా రూపాయి పడిపోవడం వల్ల వచ్చిందే.

పోనీ, డాలరు లెక్కయినా నిఖార్సయినదా? కాదు. 2008 జులైలో పౌండు దాదాపు 2 డాలర్లు, డిసెంబరు చివరికి 1.45 దగ్గర. లండన్ క్లయింటు అంతే బిల్లు కట్టినా డాలర్లలో తగ్గినట్టే కనిపిస్తుంది. కాన్‌స్టంట్ కరెన్సీ అక్కరకొచ్చేది ఇక్కడే. ఈ ఏడాది బిల్లుల్ని పోయినేటి రేట్లతో మార్చి చూడటమే ఆ లెక్క.

ఊరికే ఊహించిన కంపెనీ ఒకటి తీసుకుందాం. నిరుడు 60 డాలర్లు, 20 పౌండ్లు. పౌండు 2 డాలర్లు కాబట్టి మొత్తం 100. ఈ ఏడు పని 5 శాతం పెరిగి 63 డాలర్లు, 21 పౌండ్లు అయ్యింది. పౌండేమో 1.50కి పడింది.

పాత రేటుతో 63 + 42 = 105, అంటే 5 శాతం పెరుగుదల. కొత్త రేటుతో 63 + 31.5 = 94.5, అంటే 5.5 శాతం తగ్గుదల. డాలరు 40 నుంచి 50 రూపాయలైతే 4,000 కాస్తా 4,725 అవుతుంది, 18 శాతం పెరుగుదల! పని ఒకటే, శీర్షికలు మూడు.

అలాగని కాన్‌స్టంట్ కరెన్సీయే అసలు నిజం అనుకోవద్దు. పౌండు పడితే బ్యాంకులోకి డాలర్లు నిజంగానే తక్కువొస్తాయి. జీతాలు రూపాయల్లో ఇచ్చే కంపెనీకి రూపాయి పడితే నిజంగానే నాలుగు డబ్బులు మిగులుతాయి. ఈ లెక్క చెప్పేది పని ఎంత పెరిగిందో, అంతే. లాభం సంగతి చెప్పదు.

ఇంకోటి. ఇది అకౌంటింగ్ ప్రమాణాలు నిర్వచించిన అంకె కాదు. ఏ రేట్లు వాడారో కింద చిన్నక్షరాల్లో ఉంటుంది, అది చదవాలి. క్రితం త్రైమాసికంతో పోల్చిన అంకెకూ నిరుటితో పోల్చిన అంకెకూ పాత రేట్లు వేరు, కాబట్టి ఆ రెండిటినీ కలపకూడదు. కరెన్సీ దెబ్బకొట్టిన ఏడు కాన్‌స్టంట్ అంకెను పైన పెట్టి, కలిసొచ్చిన ఏడు మాయం చేసే కంపెనీ కనిపిస్తే నేనైతే నాలుగేళ్ళ రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుంటాను. మీరూ చూడండి.