స్వీయచిత్రం సాక్ష్యం చెబుతుందా? వెలాస్కెజ్ ఛాతీ మీది ఎర్ర శిలువ కథ

చరిత్రలో ఆధారాలు అనగానే మనకు శాసనాలు, నాణేలు, దస్తావేజులు గుర్తొస్తాయి. చిత్రకారుడు తన బొమ్మ తానే గీసుకుంటే అదీ ఆధారమే. కాకపోతే దాన్ని ఫొటోలాగా కాకుండా అర్జీలాగా చదవాలి. ఆయన ఎలా ఉండేవాడో అది కొంతే చెబుతుంది, ఎలా కనబడాలనుకున్నాడో మాత్రం బాగా చెబుతుంది.

స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ ఆస్థాన చిత్రకారుడు డియేగో వెలాస్కెజ్ 1656లో గీసిన 'లాస్ మెనీనాస్' తీసుకుందాం. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది, ఎత్తు మూడు మీటర్ల పైనే. మధ్యలో ఐదేళ్ల రాకుమారి మార్గరీతా, చుట్టూ పరిచారికలు, ముందు ఒక కుక్క. వెనక గోడకున్న అద్దంలో రాజు, రాణి మసకగా కనిపిస్తారు. మన ఎడమవైపు పెద్ద కాన్వాసు ముందు నిలబడ్డవాడే వెలాస్కెజ్.

ముందు ఆయన చేతులు చూడండి. కుడి చేతిలో కుంచె, ఎడమ చేతిలో రంగుల పలక. ఇందులో వింతేముంది అంటారా? అద్దం ముందు నిలబడి కుడి చేత్తో పెన్ను పట్టుకోండి, అద్దంలోని మనిషి ఎడమ చేత్తో పట్టుకున్నట్టు ఉంటాడు. అప్పట్లో తన ముఖం చూసుకోవడానికి అద్దమే దిక్కు. అద్దంలో కనిపించింది కనిపించినట్టు గీస్తే కుంచె ఎడమ చేతిలోకి పోవాలి. ఇక్కడ అలా లేదంటే చూసింది చూసినట్టు దించలేదు, ఆలోచించి సరిదిద్దాడు. కుంచె కాన్వాసును తాకడం కూడా లేదు. పని మధ్యలో ఆగి మన వైపు చూస్తున్నాడు. చేతిపని కంటే ముందు తలలో ఆలోచన నడుస్తుంది అని చూపించుకోవాలన్న కోరిక అందులో ఉందని నేననుకుంటాను.

ఆ కోరికకు కారణం ఉంది. ఆనాటి స్పెయిన్‌లో చిత్రకారుణ్ణి చాలామంది వడ్రంగి, కమ్మరి లాంటి చేతివృత్తివాడిగానే లెక్కేసేవారు. వెలాస్కెజ్‌కు మాత్రం సాంతియాగో వీరుల సంఘంలో చేరాలని ఉంది. ఆ సంఘం నియమం ప్రకారం రెండు వైపులా కులీన వంశం ఉండాలి, చేతిపనితో బతికి ఉండకూడదు. అందుకే బొమ్మలో ఆయన వేసుకున్నది పనివాడి బట్టలు కావు. నడుముకు తాళంచెవి ఉంది, అది రాజభవనంలో ఆయనకున్న ఉద్యోగానికి గుర్తు. రాజకుటుంబం ఉన్న గదిలో తానూ ఒకడిగా నిలబడ్డాడు.

ఇక ఛాతీ మీది ఎర్ర శిలువ. అది సాంతియాగో సంఘం గుర్తు. చిక్కంతా ఇక్కడే ఉంది. చిత్రం 1656ది, ఆయన్ను సంఘంలో చేర్చుకున్నది 1659 నవంబరులో. కాబట్టి శిలువ తర్వాత చేర్చిందే అయ్యుండాలి. స్వయంగా రాజే గీశాడని కొందరంటారు అని 1724లో పాలొమినో అనే రచయిత రాశాడు. కథ బాగుంది. కానీ అరవై ఏళ్ల పైబడ్డాక రాసిన మాట, అందులోనూ 'కొందరంటారు' అన్నది, పక్కా సాక్ష్యం కాదు.

పక్కా సాక్ష్యం కాగితాల్లో దొరుకుతుంది. 1658లో రాజు ఆయన పేరు ప్రతిపాదించాక విచారణ జరిగింది. వందకు పైగా సాక్షులను అడిగారు. ఈయన ఎన్నడూ దుకాణం పెట్టలేదు, బొమ్మలు అమ్ముకుని బతకలేదు, రాజు కోసమే గీశాడు అని తోటి చిత్రకారులు చెప్పారు. కానీ సెవియా నగరంలో 1617 నాటి కాగితం ఉంది. పదిహేడేళ్ల వెలాస్కెజ్ చిత్రకారుల సంఘం పరీక్షలో నెగ్గి, దుకాణం నడుపుకోవడానికి, శిష్యులను పెట్టుకోవడానికి అనుమతి పొందినట్టు అందులో ఉంది. తర్వాత ఒక శిష్యుణ్ణి కూడా చేర్చుకున్నాడు. అంటే స్నేహితులు ఆయన కోసం నిజాన్ని కాస్త మడతపెట్టారన్నమాట! అంతచేసినా వంశం రుజువు కాలేదు. చివరికి పోప్ ప్రత్యేక అనుమతి ఇస్తేగానీ పని కాలేదు.

ఇప్పుడు మళ్లీ బొమ్మ దగ్గరికి రండి. చేతిపనివాణ్ణి కాను అని నిరూపించుకోవాల్సిన మనిషి కుంచె, రంగుల పలక దాచుకోలేదు. రాకుమారి బట్టల మీది జరీని దగ్గరగా చూస్తే రంగు మరకలే కనిపిస్తాయి, నాలుగడుగులు వెనక్కి వేస్తే పట్టు మెరుస్తుంది. ఆ నేర్పు మీద ఆయనకెంత నమ్మకమో విచారణ కాగితాల్లో ఒక్క ముక్క కూడా లేదు, అది బొమ్మలోనే ఉంది.

ముఖం సంగతి మాత్రం జాగ్రత్త. అప్పటికి ఆయన వయసు 57, బొమ్మలో జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. దాన్నిబట్టి ఆయనకు తల నెరవలేదని పరీక్షలో రాయకండి! 1660 ఆగస్టులో ఆయన చనిపోయాడు. నిజమైన శిలువ దొరికి అప్పటికి తొమ్మిది నెలలు కూడా నిండలేదు.