గతం గతంగా మిగలనప్పుడు: పి.టి.ఎస్.డి. గురించి సంఘాలు తెలుసుకోవలసినది

2018 సెప్టెంబర్ 11, మంగళవారం. శనివారంపేట నుండి జగిత్యాలకు బయలుదేరిన ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డు మీద అదుపు తప్పి లోయలో పడింది. పట్టవలసిన వారికంటే ఎంతో ఎక్కువ మంది, 100 మందికి పైగా, అందులో ఉన్నారు. 60 మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది కొడిమ్యాల మండలంలోని పల్లెలవారు, అందులోనూ స్త్రీలు. చాలామంది ఒకరి మీద ఒకరు పడి ఊపిరాడక ప్రాణం విడిచారు.

చనిపోయినవారి లెక్క పత్రికల్లో వచ్చింది. బ్రతికి ఇంటికి వచ్చినవారి మాట అంతగా రాలేదు. ఇలాంటి ప్రమాదం నుండి బయటపడినవారిలో కొందరికి శరీరం మీద గాయాలు మానిన తరువాత కూడా ఆ రోజు ముగియదు. ఆ స్థితిని వైద్యులు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పొట్టిగా పి.టి.ఎస్.డి. అంటారు. రోడ్డు ప్రమాదం, బొగ్గు గని ప్రమాదం, లైంగిక దాడి, ఇంట్లో హింస, కాల్పులు ఏవైనా దీనికి కారణం కావచ్చు. మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల సంఘాల్లో ఇలాంటివారు మన పక్కనే కూర్చుంటున్నారు గనుక, ఈ వారం దీన్ని వివరంగా చెప్పుకుందాం.

భయం వేరు, జబ్బు వేరు

పెద్ద ప్రమాదం జరిగాక మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, అదే దృశ్యం కళ్ల ముందు తిరగడం దాదాపు అందరికీ ఉంటుంది. అది జబ్బు కాదు. ఎక్కువ మందిలో అది తనంతట తానే తగ్గుతుంది. ప్రాణాంతకమైన సంఘటనను ఎదుర్కొన్నవారిలో 100 మందికి సుమారు 6 మందికే పి.టి.ఎస్.డి. వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఒక నెల దాటినా ఈ లక్షణాలు తగ్గకుండా, పనికీ సంసారానికీ అడ్డుపడుతుంటే అప్పుడు అనుమానించాలి. ఆ లక్షణాలు నాలుగు రకాలు. వద్దన్నా జ్ఞాపకాలు వచ్చి పడటం మొదటిది. గుర్తుచేసే చోట్లనూ మాటలనూ మనుషులనూ తప్పించుకోవడం రెండవది. ‘తప్పంతా నాదే’, ‘ఎవ్వరినీ నమ్మలేను’ అనే ఆలోచనలూ మనసు మొద్దుబారడమూ మూడవది. ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండటం, చిన్న చప్పుడుకు అదిరిపడటం, చిరాకు నాలుగవది. మన పల్లెల్లో ‘జడుసుకున్నది’ అంటారు, ‘గాలి సోకింది’ అని అంత్రం కట్టిస్తారు. కొన్ని సంఘాల్లో దయ్యం అంటారు, లేదా విశ్వాసం చాలలేదంటారు. ఆ పేర్లతో నెలలు గడిచిపోతాయి, చికిత్స వెనుకబడుతుంది.

జ్ఞాపకం ఎందుకు చొరబడుతుంది?

మామూలు జ్ఞాపకం తేదీ రాసి ఆల్బమ్‌లో అతికించిన ఫోటో వంటిది. మన పెండ్లిని తలచుకుంటే అది ఎప్పుడో జరిగిపోయిందని తలచుకునే క్షణంలోనే తెలుస్తుంది. ప్రాణభయంలో మెదడు అలా పనిచేయదు. ప్రమాదాన్ని పసిగట్టే భాగం విజృంభించి చప్పుడును, వాసనను, దృశ్యాన్ని బలంగా ముద్రిస్తుంది. ‘ఇది ఫలానా చోట, ఫలానా రోజు మొదలై, ఇలా ముగిసింది’ అని వరుస కట్టే పని మాత్రం సరిగా జరగదు. కాబట్టి ఆ జ్ఞాపకం తేదీ లేని విడి ఫోటోగా మిగిలిపోతుంది. అది లేచినప్పుడు ‘అప్పుడు జరిగింది’ అనిపించదు, ‘ఇప్పుడు జరుగుతోంది’ అనిపిస్తుంది. గుండె దడ, చెమట, చేతుల వణుకు నటన కాదు. ప్రమాదం ఎదుటే ఉన్నదని శరీరం నిజంగా నమ్ముతోంది.

దాన్ని లేపడానికి సంఘటనకు అర్థంలో దగ్గరైనదే కానక్కరలేదు, పోలికలో దగ్గరైతే చాలు. డీజిల్ వాసన, బ్రేకు కీచుమనడం, ఇరుకులో పక్కవారి భుజం తగలడం ఏదైనా సరే. అందుకే ‘ఏ కారణం లేకుండా వచ్చింది’ అని బాధితులు అంటారు. కారణం ఉంది, అది వారి గమనికలోకి రాలేదు అంతే.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. పదే పదే వచ్చే దృశ్యం తరచుగా అన్నింటికంటే ఘోరమైన క్షణం కాదు, దానికి కాస్త ముందటిది. బస్సు పడిన క్షణం కాదు, పడబోయే ముందు కుదుపు. మెదడు దానిని ముందస్తు హెచ్చరికగా పట్టుకుని ఉంటుంది. అలాంటి కుదుపు ఎక్కడ తగిలినా మోగుతుంది.

మరి మరచిపోవడానికి ప్రయత్నిస్తే? బలవంతంగా నెట్టిన ఆలోచన మరింత బలంగా తిరిగి వస్తుంది. బస్సు ఎక్కడం మానేస్తే ఆ రోజుకు హాయిగా ఉంటుంది. కానీ ‘బస్సు ఎక్కినా ఏమీ కాలేదు’ అని నేర్చుకునే అవకాశం పోతుంది. తప్పించుకోవడమే జబ్బును పోషిస్తుంది.

ఒక ఉదాహరణ

ఈ క్రింది సహోదరి ఏ ఒక్కరూ కాదు. చికిత్స ఎలా సాగుతుందో చూపడానికి మేము కల్పించిన ఉదాహరణ.

ఆమెకు నలభై ఏళ్లు ఉంటాయి, బీడీలు చుడుతుంది. బస్సు ప్రమాదంలో బయటపడింది, పక్కన కూర్చున్న తోడికోడలు చనిపోయింది. ఆరు నెలలైంది. చేతులు ఆకు చుడుతుంటే మనసు ఖాళీగా ఉంటుంది, అప్పుడే ఆ కుదుపు వస్తుంది. జగిత్యాల వెళ్లాలంటే ఆటో కావాలి, అదీ పగలే. లోపల ఒకే మాట: ‘ఆమె చేయి నేను వదిలేసిన.’

మానసిక నిపుణురాలు మొదట రెండు మూడు కలయికల్లో సంఘటన జోలికే పోదు. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయా, మద్యం ఉందా, ఇంట్లో కొట్టేవారు ఉన్నారా అని అడుగుతుంది. ఉంటే ముందుగా వాటి సంగతి చూడాలి. తరువాత, జ్ఞాపకం ఎందుకు చొరబడుతుందో పైన మనం చెప్పుకున్నట్టే వివరిస్తుంది. ‘నాకు పిచ్చి పట్టలేదు’ అని తెలియడమే ఆమెకు మొదటి ఊరట.

ఆ తరువాత అసలు పని. కళ్లు మూసుకుని, ఆ ప్రయాణాన్ని ఇప్పుడు జరుగుతున్నట్టుగా, మొదటి నుండి క్షేమంగా బయటపడిన చోటు వరకు చెప్పమంటుంది. మధ్యలో భయం 100కు ఎంత ఉందని అడుగుతుంది. మొదటిసారి 95 అంటుంది. చేయి జారిన చోట ఆమె ఆగిపోతుంది. ఆ క్షణం దగ్గరే ఇద్దరూ నిలబడతారు. నిపుణురాలు ‘నీ తప్పు లేదు’ అని చెప్పి ముగించదు. ‘అప్పుడు మీ మీద ఎంతమంది పడ్డారు? చేయి కదిపే వీలుందా?’ అని అడుగుతుంది. నలుగురి బరువు కింద తన చేయి తనకే తెలియలేదని ఆమెకు నెమ్మదిగా గుర్తుకు వస్తుంది. ‘నేను వదలలేదు, బరువు విడదీసింది’ అనే మాటను ఆ క్షణంలోకే తెచ్చి మళ్లీ చెబుతుంది. తేదీ లేని ఫోటో వెనుక ఇప్పుడు తేదీ రాస్తున్నారన్న మాట. కొన్ని వారాలకు అదే వర్ణన చెబుతుంటే భయం 40కి వస్తుంది. దుఃఖం మిగులుతుంది, కానీ అది దుఃఖంగా మిగులుతుంది, నేరంగా కాదు.

దానితోపాటు బయట సాధన. మొదట మరదలితో కలిసి బస్టాండులో అరగంట కూర్చోవడం. హారన్ వినగానే అప్పటికీ ఇప్పటికీ తేడాలు చూడటం: ఇది సమతల రోడ్డు, బస్సులో ఖాళీ ఉంది, నా చేతిలో ఫోన్ ఉంది. తరువాత ఒక స్టేజీ వరకు ప్రయాణం, ఆపైన ఊరి దాకా.

ఇటువంటి చికిత్స సాధారణంగా వారానికి ఒకసారి, గంట నుండి గంటన్నర చొప్పున, 8 నుండి 12 కలయికల్లో సాగుతుంది. మొదటి వారాల్లో కలలు కాస్త పెరగవచ్చు. అక్కడే చాలామంది మానేస్తారు. కళ్ల కదలికలతో చేసే ఇ.ఎం.డి.ఆర్. అనే పద్ధతి కూడా పనిచేస్తుందని రుజువైంది. మందుల్లో సెర్ట్రలిన్, పారాక్సెటిన్ వంటివి కొందరికి ఉపయోగపడతాయి, గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, సొంతంగా ఆపకూడదు. నిద్రకోసమని డయజెపాం వంటి మాత్రలు నెలల తరబడి వాడితే అలవాటు పడతారు, పి.టి.ఎస్.డి. మాత్రం తగ్గదు. ఇంత చేసినా పూర్తిగా కోలుకోనివారు ఉంటారు. అది వారి లోపం కాదు.

తోడు ఎందుకు కావాలి?

ఆ మరదలు లేకపోతే బస్టాండు సాధన జరగదు. చికిత్స వారానికి గంట, మిగిలిన గంటలన్నీ ఇంట్లో, వాడలో, సంఘంలో గడుస్తాయి. సంఘటన తరువాత చుట్టూ ఉన్నవారి ఆదరణ దొరకని వారికే ఈ జబ్బు ఎక్కువగా వస్తుందని, ఎక్కువ కాలం ఉంటుందని పరిశోధనలు పదే పదే చూపాయి. నిందించే మాట, మంచి మాట లేకపోవడం కంటే ఎక్కువ కీడు చేస్తుంది. అలాగని తోడు ఒక్కటే చాలదు. ఎంత ప్రేమించేవారైనా చేయి జారిన ఆ క్షణంలోకి ఆమెను సురక్షితంగా తీసుకెళ్లి తీసుకురాలేరు. ఒకటి గాయాన్ని శుభ్రం చేస్తుంది, మరొకటి కట్టు ఊడకుండా చూస్తుంది.

సంఘంగా మనం చేయగలిగినవి చిన్నవే. ఆసుపత్రికి వెంట వెళ్లడం, ఆ రోజు పోయిన కూలికి సాయం, పరిహారం కాగితాల కోసం ఆఫీసుకు తోడు. మానవలసినవి కూడా ఉన్నాయి. ప్రమాదం నుండి బయటపడిన వెంటనే సాక్ష్యము చెప్పమని వేదిక మీదికి పిలవవద్దు. అనుకోకుండా అందరి ముందు ఆ దృశ్యం లేస్తే ఆపేవారు ఉండరు. జరిగినదంతా ఒక్కసారి కక్కించేస్తే బరువు దిగుతుందనేది కూడా నిజం కాదు. అందరినీ ఒక్క రోజు కూర్చోబెట్టి చెప్పించే పద్ధతిని పరీక్షించి చూస్తే అది పి.టి.ఎస్.డి.ని ఆపలేదు. ఆమె చెబితే వినాలి, చెప్పకపోతే అడగకూడదు. యోబు స్నేహితులు మేలు చేసినది ఏడు దినాలు మౌనంగా పక్కన కూర్చున్నప్పుడు, నోరు విప్పి కారణాలు వెదికాక కాదు. ప్రార్థన విన్నపాల్లో ఆమె పేరు, జరిగిన సంగతి ఆమెను అడగకుండా చదవవద్దు. ప్రమాదం జరిగిన తేదీ ప్రతి ఏడూ వస్తుంది, ఆ వారం లక్షణాలు మళ్లీ రావచ్చు. ఆ వారంలో ఒకసారి ఇంటికి వెళ్లి రండి.

ఆదిలాబాద్ రిమ్స్‌లో, కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులను అడగవచ్చు. ‘జరిగిన సంఘటన మీదే నేరుగా పనిచేసే థెరపీ దొరుకుతుందా?’ అని స్పష్టంగా అడగండి. దానిలో శిక్షణ పొందినవారు జిల్లాల్లో తక్కువ, హైదరాబాద్‌కు పంపవలసి రావచ్చు. టెలి మానస్ నంబరు 14416కు రాత్రింబగళ్లు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలని ఉందని ఎవరైనా అంటే నెల గడిచే దాకా చూడవద్దు. వారిని ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి.