కరోనరీ ధమనుల్లో ఫలకం: 'ఇరుకు' నుంచి 'చీలిక' వరకు

గుండెపోటు ఎందుకు వస్తుందని అడిగితే మీరు బహుశా ఇలా చెబుతారు: రక్తనాళంలో కొవ్వు పేరుకుంటుంది, దారి ఏటికేడాది ఇరుకవుతుంది, చివరికి మూసుకుపోతుంది. వైద్యుల్లో కూడా చాలామంది దీర్ఘకాలం ఇలాగే భావించారు. ఇది సగం నిజం మాత్రమేనని ఎలా తేలిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

ఫలకం ఏర్పడటం

1904లో జర్మన్ పాథాలజిస్టు ఫెలిక్స్ మార్షాండ్ ఈ వ్యాధికి 'ఎథిరోస్క్లెరోసిస్' అని పేరు పెట్టారు. ఇందులో మొదటి గ్రీకు పదానికి జావ అని, రెండవదానికి గట్టిపడటం అని అర్థం. ఫలకాన్ని కోస్తే లోపల జావ వంటి మెత్తని కొవ్వు, దానిపై గట్టి పీచుపొర కనిపిస్తాయి. ఈ రెండింటినీ గుర్తుంచుకోండి. తరువాతి కథంతా వీటిమీదే నడుస్తుంది.

1913లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ అనిచ్కోవ్, తన సహచరుడితో కలిసి, పొద్దుతిరుగుడు నూనెలో కరిగించిన కొలెస్ట్రాల్‌ను కుందేళ్లకు తినిపించారు. వాటి ధమనుల గోడల్లో కొవ్వు బిందువులతో నిండిన కణాలు కనిపించాయి. ఈ కణాలు ఎలా వస్తాయో తరువాతి పరిశోధనలు వివరించాయి. రక్తంలోని ఎల్‌డిఎల్ కణికలు ధమని లోపొర కిందికి చేరి, అక్కడ చిక్కుకుని, రసాయనికంగా మార్పు చెందుతాయి. వాటిని తొలగించడానికి తెల్లరక్తకణాలు గోడలోకి ప్రవేశిస్తాయి. అవి మాక్రోఫేజ్‌లుగా మారి, కొవ్వును మింగి మింగి నురుగు కణాలవుతాయి.

ఈ ప్రక్రియ ముసలితనంలో మొదలయ్యేది కాదు. కొరియా యుద్ధంలో మరణించిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను పరీక్షించిన ఫలితాలు 1953లో వెలువడ్డాయి. వారి సగటు వయస్సు 22 సంవత్సరాలు. అయినా సుమారు 77 శాతం మంది కరోనరీ ధమనుల్లో వ్యాధి లక్షణాలు కంటికి కనిపించాయి.

ఫలకం పెరగడం

నురుగు కణాలు చనిపోయినప్పుడు వాటిలోని కొవ్వు అక్కడే మిగిలి, ఫలకం నడుమ మెత్తని గుజ్జుగా చేరుతుంది. మరోవైపు ధమని గోడలోని నునుపు కండర కణాలు పైకి వచ్చి కొల్లాజెన్‌ను తయారుచేస్తాయి. ఇదే గుజ్జును రక్తం నుంచి వేరుచేసే పీచుపొర.

మరి ఫలకం పెరిగితే రక్తం దారి వెంటనే తగ్గుతుందా? తగ్గదని 1987లో షికాగోలో సేమర్ గ్లాగోవ్ బృందం చూపింది. ధమని మొదట బయటివైపుకు ఉబ్బి ఫలకానికి చోటిస్తుంది. గోడ లోపలి వైశాల్యంలో సుమారు 40 శాతాన్ని ఫలకం ఆక్రమించేవరకు దారి అంతగా ఇరుకు కాదు. యాంజియోగ్రామ్‌లో మనకు కనిపించేది రక్తం పారే దారిలోని రంగుద్రవం మాత్రమే, గోడ కాదు. అందువల్ల పెద్ద ఫలకమున్న ధమని కూడా అందులో దాదాపు మామూలుగా కనిపించవచ్చు.

ఫలకం అస్థిరమై చీలడం

గుండెపోటుతో మరణించినవారి ధమనుల్లో రక్తపు గడ్డలు ఉంటాయని ముందే తెలుసు. ఆ గడ్డ ఎందుకు కడుతుందన్నదే ప్రశ్న. 1966లో పారిస్ కాన్‌స్టాంటినిడిస్ గడ్డ కట్టిన ధమనులను వరుసగా పలుచని ముక్కలుగా కోసి పరిశీలించారు. గడ్డ కింద పీచుపొరలో చీలిక ఉంది. 1984లో లండన్‌లో మైకేల్ డేవిస్, ఆంథొనీ థామస్ ఆకస్మిక హృదయ మరణాలను పరిశీలించి ఈ చీలికల ప్రాధాన్యాన్ని బలపరిచారు.

చీలికకు కారణం వాపు. ఫలకంలోని మాక్రోఫేజ్‌లు కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైములను విడుదల చేస్తాయి. టి కణాల సంకేతాలు కొత్త కొల్లాజెన్ తయారీని తగ్గిస్తాయి. చీలిన ఫలకాల్లో పీచుపొర మందం సాధారణంగా 65 మైక్రోమీటర్లకంటే తక్కువ, అంటే సుమారు ఒక వెంట్రుకంత. అది తెగగానే గుజ్జు రక్తానికి తగులుతుంది, నిమిషాల్లో గడ్డ కడుతుంది.

బతికున్న రోగుల్లో దీనికి ఆధారం 1988లో దొరికింది. అమెరికాలో విలియం లిటిల్ బృందం 42 మంది రోగులను పరిశీలించింది. వారందరికీ గుండెపోటుకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి యాంజియోగ్రామ్ తీశారు. వారిలో 29 మందికి ఒక ధమని కొత్తగా మూసుకుపోయింది. పాత చిత్రంలో, తరువాత మూసుకుపోయిన ధమనిని చూస్తే ఈ 29 మందిలో 19 మందికి ఇరుకు 50 శాతంకంటే తక్కువ. అంటే 'ప్రమాదం లేదు' అనిపించే చోటే గడ్డ కట్టింది.

అయితే దీని హద్దులను కూడా మీరు గమనించాలి. రెండు చిత్రాల మధ్య గడిచిన కాలంలో కొన్ని ఫలకాలు పెరిగి ఉండవచ్చు. బాగా ఇరుకైన చోటు నిరపాయమని కూడా దీనర్థం కాదు. తక్కువ ఇరుకైన ఫలకాలు సంఖ్యలో ఎక్కువ కాబట్టి వాటివల్ల వచ్చే గుండెపోట్లూ ఎక్కువ. చీలిక లేకుండా లోపొర అరిగిపోయి గడ్డ కట్టడమూ ఉంది. కొన్ని చీలికలు లక్షణాలేవీ లేకుండా మాని, ఫలకానికి మరో పొరను చేరుస్తాయి.

1994లో ప్రచురితమైన స్కాండినేవియా పరిశోధనలో 4,444 మంది రోగులు పాల్గొన్నారు. సిమ్‌వాస్టాటిన్ తీసుకున్నవారిలో మరణాలు 30 శాతం తగ్గాయి. కానీ యాంజియోగ్రామ్ అధ్యయనాల్లో ఇలాంటి మందులవల్ల దారి చాలా స్వల్పంగానే వెడల్పయింది. దారి అంతగా తెరుచుకోకుండానే ప్రాణాలు ఎలా నిలిచాయి? గుజ్జు తగ్గి, వాపు తగ్గి, పీచుపొర గట్టిపడటమే దీనికి ముఖ్య వివరణ.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: యాంజియోగ్రామ్‌లో 40 శాతం ఇరుకు మాత్రమే ఉన్న రోగికి గుండెపోటు ఎలా రావచ్చో గ్లాగోవ్, లిటిల్ పరిశీలనల ఆధారంగా వివరించండి.