పార్టీలో కబుర్లు తెగట్లేదా? ‘ఇంకేంటి’ అన్నప్పుడే కదలండి.. ఎలాగంటే!

శుక్రవారం సాయంత్రం అయిందంటే చాలు నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రూఫ్‌టాప్‌లు టీమ్ పార్టీలతో నిండిపోతాయి. పక్కన డీజే, చేతిలో స్టార్టర్స్ ప్లేట్, ఎదురుగా కొత్త ఫ్లాట్ గురించి అరగంట నుంచి చెబుతున్న సీనియర్. మీరు కదలాలి, కానీ ఆయన ఫీలవ్వకూడదు. ఎలా?

ముందు ఒక విషయం తెలుసుకుంటే సగం మొహమాటం పోతుంది. మాటలు ఆపాలని మనకెప్పుడు అనిపిస్తుంది, నిజంగా ఎప్పుడు ఆగుతాయి అన్నదానిపై హార్వర్డ్‌కి చెందిన ఆడమ్ మాస్ట్రొయాని బృందం 2021లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఇద్దరికీ ఇష్టమైన టైమ్‌కే ముగిసిన సంభాషణలు సుమారు 2 శాతమే! ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అని ఇద్దరూ తమ మనసులో మాట దాచుకోవడమే దీనికి కారణమట. అంటే మీ సీనియర్ కూడా ఎలా ఆపాలా అని చూస్తుండొచ్చు.

మరి ఆయన రెడీగా ఉన్నారని ఎలా పట్టుకోవాలి? తెలుగులో దీనికి మంచి గుర్తే ఉంది. ‘ఇంకేంటి విశేషాలు?’ ఈ మాట మొదట్లో వస్తే పలకరింపు. పది నిమిషాలు మాట్లాడాక వస్తే చెప్పాల్సింది అయిపోయిందని అర్థం. ‘సరే అయితే’, ‘అదన్నమాట సంగతి’ కూడా ఇలాంటివే. సంభాషణలపై పరిశోధించిన షెగ్లాఫ్, శాక్స్ 1973లోనే దీన్ని వివరించారు. ఎవరూ నేరుగా బై చెప్పరు, ముందు ‘ఓకే’, ‘వెల్’ లాంటి చిన్న మాటతో తలుపు తీస్తారు. అవతలివాళ్లు కొత్త టాపిక్ ఎత్తకపోతే ఇక వీడ్కోలే. మనవాళ్ల ‘సరే మరి’ చేసే పని కూడా అదే.

చాలామంది తడబడేది ఇక్కడే. ‘ఇంకేంటి?’ అనగానే ఖాళీ నింపాలని కొత్త టాపిక్ ఎత్తేస్తారు. ఇంకో పదిహేను నిమిషాలు ఫట్!

మన సీనియర్ సంగతే తీసుకుందాం. ఆయన కోకాపేట ఫ్లాట్, లోన్, ఇంటీరియర్స్ అన్నీ చెప్పి, ‘అదీ సంగతి.. ఇంకేంటి?’ అన్నారు. అప్పుడు ముందుగా ఆయన చెప్పినదాన్నే పట్టుకోండి. ‘గృహప్రవేశానికి పిలవడం మర్చిపోవద్దు సార్’ అంటే మీరు విన్నారని ఆయనకు తెలుస్తుంది. ఆ వెంటనే మీరు నిజంగా చేయబోయే పని ఒకటి చెప్పండి: ‘మా పాత టీమ్ వాళ్లు వచ్చారు, ఒకసారి పలకరించాలి. మరి వస్తాను సార్.’ చిన్న నవ్వు, ఒక అడుగు వెనక్కి. తర్వాత చెప్పిన చోటికే వెళ్లాలి. వాష్‌రూమ్ అని చెప్పి డీజే ముందు దొరికిపోతే, ఆ అబద్ధమే ఆయనకు గుర్తుండిపోతుంది.

ఇక్కడ ‘వస్తాను’తో ఒక చిక్కుంది. మనలో ‘వెళ్తాను’ అనడం బాగోదని ‘వస్తాను’, ‘వెళ్లొస్తా’, ‘పోయొస్త’ అంటాం. అదే ‘ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తా’ అంటే మాత్రం నిజంగానే తిరిగి వస్తారని అర్థం. ఇలా చెప్పి మాయమైతే ఆయన అక్కడే ప్లేట్ పట్టుకుని దిక్కులు చూస్తుంటారు. చెప్పకుండా పోవడం కన్నా ఇదే ఎక్కువ గుచ్చుకుంటుంది. తిరిగి రానప్పుడు ‘ఇప్పుడే’ వాడకండి. ‘మరి’ చేర్చండి, లేదా ‘ఉంటాను సార్, ఆఫీస్‌లో కలుద్దాం’ అనండి. తెలుగు రాని కొలీగ్‌తో అయితే ‘వస్తా’ని ఇంగ్లిష్‌లోకి మార్చొద్దు, తిరిగొస్తారని నమ్మేస్తారు. ‘నైస్ టాకింగ్ టు యూ’ చాలు.

నలుగురైదుగురు గుంపుగా ఉంటే ఇంత తతంగం అక్కర్లేదు. అందరికీ వీడ్కోలు చెబితే నడుస్తున్న జోక్ ఆగిపోతుంది. పక్కనున్న ఒక్కరికి కళ్లతో చెప్పి జారుకోవచ్చు. ఉన్నది ఇద్దరే అయి, మీరు వెళ్తే ఆయన ఒంటరైపోతారనుకోండి, అటుగా వచ్చే ఇంకొకరిని కలపండి: ‘మీరూ కోకాపేటే కదా అన్నా, సార్ అక్కడే ఫ్లాట్ తీసుకున్నారు.’ వాళ్లిద్దరూ రెండేసి మాటలు అనుకునే దాకా ఆగి కదలండి. పరిచయం చేసిన మరు క్షణమే మాయమైతే వదిలించుకున్నట్టు ఉంటుంది.

ఫోన్ వచ్చినట్టు నటించడం? డీజే సౌండ్‌లో రింగ్ వినబడదని అందరికీ తెలుసు.

ఒక్క సందర్భంలో ఇవేవీ వాడొద్దు. ఎదుటివ్యక్తి ఉద్యోగం పోయిందనో, ఇంట్లో ఎవరో ఆస్పత్రిలో ఉన్నారనో చెబుతూ మధ్యలో ‘సరే, ఇంకేంటి?’ అంటే అది ముగింపు కాదు. ఎక్కువ చెప్పేశానేమో అని ఆయనే వెనక్కి తగ్గుతున్నారు. అప్పుడు ‘ఇప్పుడెలా ఉన్నారు?’ అని ఒక ప్రశ్న వేసి, జవాబు పూర్తిగా వినండి. నిజంగా వెళ్లక తప్పకపోతే, ‘ఇక్కడ సరిగా వినపడట్లేదు, రేపు ఉదయం పదకొండుకి ఫోన్ చేస్తా’ అని టైమ్‌తో సహా చెప్పి, ఆ టైమ్‌కి చేయండి.