"తెలివి తక్కువ" అన్నవాళ్లు దేన్ని కొలిచి అన్నారు? – బినే పరీక్ష కథ

"వీళ్లకు తెలివి తక్కువ" అనే మాట మనం హాస్టళ్లలో, క్లాసుల్లో చాలాసార్లు విన్నాం. విన్నప్పుడల్లా మనకు కోపం వస్తుంది, "కాదు, మాకూ తెలివి ఉంది" అని వాదిస్తాం. అవతలివాడూ తెలివి అంటాడు, మనమూ తెలివి అంటాం. కానీ ఇద్దరం ఒకే వస్తువు గురించి మాట్లాడుతున్నామా? బియ్యం అయితే తూకం వేసి చూపించవచ్చు. తెలివిని ఎవరూ కంటితో చూడలేదు. కాబట్టి దాన్ని కొలిచామని చెప్పేవాళ్లు ముందు ఒక పని చేసి ఉండాలి: కనిపించని ఆ గుణానికి బదులుగా, కనిపించే, లెక్కపెట్టగలిగే ఒక పనిని ఎంచుకుని ఉండాలి. దీన్నే ఆపరేషనల్ డెఫినిషన్ అంటారు. ఆ ఎంపిక ఎలా జరిగిందో, ఎక్కడ తప్పిందో తెలియాలంటే వందేళ్ల వెనక్కి వెళ్లాలి.

మొదట ప్రయత్నించినవాళ్లు శరీరాన్ని కొలిచారు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ 1884లో లండన్‌లో ఒక ప్రయోగశాల పెట్టి, చేతి పట్టు ఎంత బలంగా ఉంది, శబ్దం వినగానే ఎంత త్వరగా స్పందిస్తారు వంటివి నమోదు చేశాడు. చురుకైన ఇంద్రియాలు ఉన్నవాడికి చురుకైన బుద్ధి ఉంటుందని ఆయన నమ్మకం. అమెరికాలో జేమ్స్ మెకీన్ కాటెల్ ఇదే దారిలో కాలేజీ విద్యార్థులకు పరీక్షలు పెట్టాడు. ఆ లెక్కలు తీసుకుని క్లార్క్ విస్లర్ 1901లో ఒక తేలికైన ప్రశ్న వేశాడు: ఈ పరీక్షల్లో బాగా చేసినవాళ్లకు చదువులో కూడా మార్కులు బాగా వస్తున్నాయా? రెండింటి మధ్య సంబంధం దాదాపు సున్నా అని తేలింది. వేగాన్ని వాళ్లు కచ్చితంగానే కొలిచారు, కానీ అది తెలివికి బదులుగా నిలబడలేదు. కొలత కచ్చితంగా ఉండటం వేరు, కొలవాలనుకున్నదాన్నే కొలవడం వేరు.

తర్వాత ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ బినే వచ్చాడు. మామూలు తరగతిలో పాఠం అందుకోలేకపోతున్న పిల్లల కోసం ఏం చేయాలో చూడమని 1904లో అక్కడి విద్యాశాఖ ఒక కమిషన్ వేసింది. టీచరు ఇష్టాయిష్టాల మీద కాకుండా అలాంటి పిల్లల్ని గుర్తించే పద్ధతి కావాలి. బినే, థియోడర్ సిమోన్ కలిసి 1905లో 30 పనులున్న ఒక పరీక్ష తయారుచేశారు. 1908లో ఆ పనుల్ని వయసుల వారీగా సర్దారు. మూడేళ్ల పిల్లవాడు తన ముక్కు, కళ్లు, నోరు చూపించాలి. అయిదేళ్లవాడు రెండు బరువుల్లో ఏది ఎక్కువో చెప్పాలి. తొమ్మిదేళ్లవాడు వారాల పేర్లు వరసగా చెప్పాలి. ఆ వయసు పిల్లల్లో ఎక్కువమంది చేయగలిగిన పనే ఆ వయసుకు గుర్తు. అంటే "మానసిక వయసు" అనేది ఆ ఊరి పిల్లలతో పోల్చిన పోలిక, అంతే.

బినే తన పరీక్షకు హద్దులు కూడా చెప్పాడు. తెలివి పొడవులాగా ఒకే గీత మీద కొలిచేది కాదనీ, ఈ అంకె ఈరోజు పిల్లవాడి స్థితిని చెబుతుందే తప్ప రేపటిది కాదనీ ఆయన అభిప్రాయం. వెనకబడిన పిల్లలకు శిక్షణ ఇస్తే మెరుగవుతారని నమ్మాడు. 1911లో చనిపోయాడు.

1912లో జర్మనీలో విలియం స్టెర్న్ ఒక చిన్న మార్పు చేశాడు. ఇద్దరు పిల్లల్ని అనుకుందాం. ఒకరికి 8 ఏళ్లు, మానసిక వయసు 6. ఇంకొకరికి 12 ఏళ్లు, మానసిక వయసు 10. ఇద్దరూ రెండేళ్లే వెనక ఉన్నారు, కానీ చిన్నవాడికి ఆ రెండేళ్లు చాలా పెద్ద తేడా. అందుకని తీసివేతకు బదులు భాగహారం చేయమన్నాడు. తర్వాత దాన్ని 100తో గుణించడం అలవాటైంది. మొదటి పిల్లవాడికి 75, రెండోవాడికి 83. మనం ఐక్యూ అంటున్నది ఇలా పుట్టింది. లెక్కలో తప్పు లేదు. కానీ ఎన్నో పనులు, ఎన్నో షరతులు ఒకే అంకెలో కలిసిపోయాయి. అంకె ఒక్కటే చూసేవాళ్లకు అది మనిషి లోపల ఉన్న వస్తువులాగా కనిపించసాగింది. అమెరికాలో హెన్రీ గొడార్డ్, 1916లో స్టాన్‌ఫర్డ్ పరీక్ష తెచ్చిన లూయిస్ టెర్మన్ దాన్ని పుట్టుకతో వచ్చే గుణంగానే చెప్పారు. బినే పెట్టిన హద్దులు పక్కకు పోయాయి.

దీని ఫలితం మొదటి ప్రపంచయుద్ధంలో కనిపించింది. 1917 నుంచి రాబర్ట్ యెర్క్స్ నాయకత్వంలో అమెరికా సైన్యంలో సుమారు పదిహేడున్నర లక్షల మందికి పరీక్ష పెట్టారు. ఇంగ్లీషు చదవగలిగినవాళ్లకు ఆల్ఫా, చదవలేనివాళ్లకు బొమ్మలతో బీటా. బీటాలో ఒక భాగం, బొమ్మలో ఏది లేదో గీయడం: టెన్నిస్ కోర్టులో వల, గ్రామఫోన్‌కు గొట్టం, ఇంటికి పొగగొట్టం. సిసిలీ నుంచి వచ్చిన ఒకాయన ఇంటి బొమ్మకు పొగగొట్టం బదులు శిలువ గీశాడని అప్పటివాళ్లే రాశారు. ఆయన ఊళ్లో ఇంటికి ఉండాల్సింది అదే. ఇక్కడ మాత్రం అది తప్పు జవాబు.

1923లో కార్ల్ బ్రిగమ్ ఈ లెక్కలతో ఒక పుస్తకం రాసి, దక్షిణ, తూర్పు యూరప్ నుంచి వచ్చినవాళ్లకు తెలివి తక్కువని తేల్చాడు. కానీ ఆ లెక్కల్లోనే ఇంకో పట్టిక ఉంది. అమెరికాకు వచ్చి అయిదేళ్లలోపు అయినవాళ్ల సగటు మానసిక వయసు సుమారు 11.3. ఇరవై ఏళ్లు దాటినవాళ్లది సుమారు 13.7. ఉన్నకొద్దీ అంకె పెరిగింది! పుట్టుకతో వచ్చినదైతే అమెరికాలో ఎన్నేళ్లు ఉన్నారన్నదానితో మారకూడదు కదా. టెన్నిస్, గ్రామఫోన్, ఇంగ్లీషు ఆదేశాలు అలవాటైనకొద్దీ మార్కులు పెరిగాయని అనుకోవడమే సులువు. బ్రిగమ్ మాత్రం, పాతకాలంలో మెరుగైన జాతులు వచ్చాయి, ఇప్పుడు నాసిరకం వస్తున్నాయి అని చెప్పాడు. 1924లో అమెరికా వలసల చట్టం ఆ దేశాల కోటాలను బాగా కోసేసింది. ఆ చట్టానికి వేరే కారణాలూ చాలా ఉన్నాయి, కానీ అప్పటి వాదనకు ఈ అంకెలూ బలమిచ్చాయి. 1930లో బ్రిగమే ఒక వ్యాసంలో తన పోలికలకు ఆధారం లేదని ఒప్పుకున్నాడు. అప్పటికి గేటు మూసి ఆరేళ్లయింది.

ఇది మనకెందుకు? ఇంట్లో సవర మాట్లాడే పిల్లకు తెలుగు మాటల అర్థాలు అడిగి మార్కులు వేస్తే, ఆ అంకె ఆమెకు తెలుగుతో ఉన్న పరిచయాన్నే ముందు కొలుస్తుంది. దాని మీద "తెలివి" అని లేబుల్ అంటిస్తే, సిసిలీ మనిషికి జరిగిందే ఆమెకూ జరిగినట్టు.

దీనికి ఎదురు తప్పు కూడా మన చరిత్రలోనే ఉంది. ఎవరిని షెడ్యూల్డు తెగగా గుర్తించాలో 1965లో లోకూర్ కమిటీ అయిదు లక్షణాలు చెప్పింది: ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, భౌగోళికంగా విడిగా ఉండటం, బయటివాళ్లతో కలవడానికి బిడియం, వెనుకబాటుతనం. బిడియాన్ని ఎలా చూడాలి, ఎంత ఉంటే చాలు అనే కొలబద్ద ఆ మాటలతో రాలేదు. యెర్క్స్ దగ్గర కొలత ఉంది, దానికి తప్పు పేరు పెట్టాడు. ఇక్కడ పేరు ఉంది, కొలత లేదు. కొలత లేనిచోట, వచ్చిన అధికారి కంటికి ఏది బిడియంగా తోస్తే అదే బిడియం అయ్యే వీలుంది.

కాబట్టి ఎవరైనా మన గురించి ఇలాంటి మాటతో వాదనకు వస్తే మూడు ప్రశ్నలు అడుగుదాం. ఆ మాటకు బదులుగా మీరు లెక్కపెట్టిన పని ఏది? ఆ పని చేయడానికి ముందే ఏం అలవాటై ఉండాలి, అది అందరికీ సమానంగా అందిందా? భాష మారినా, ఊరు మారినా, ఏళ్లు గడిచినా ఆ అంకె అలాగే ఉంటుందా? మూడో ప్రశ్నకు జవాబు బ్రిగమ్ పుస్తకంలోనే, ఆయన సొంత పట్టికలోనే ఉంది. చదివినవాళ్లు తక్కువ, అంకెను పట్టుకుని తిరిగినవాళ్లు ఎక్కువ.