ముఖం నుంచి తలపాగా దాకా

కార్టూన్ కింద పేరు లేకపోయినా, కంబదూరులో పేపరు తిరగేసేవాళ్లు ఆ నాయకుడెవరో ఇట్టే పోల్చుకుంటారు. ఆ గుర్తు ఒక్కరోజులో పట్టుబడేది కాదు. మొదట్లో చిత్రకారుడు ముఖం గీసి, చొక్కా మీదో సంచి మీదో పేరు కూడా రాస్తాడు. చూడగా చూడగా పాఠకుడికి పేరుతో పనుండదు. చివరికి ముఖంతోనూ పనుండదు.

1831లో ప్యారిస్ కోర్టులో ఇది రుజువైంది. రాజు లూయీ ఫిలిప్‌ను అవమానించాడని పత్రికాధిపతి షార్ల్ ఫిలిపోన్ మీద కేసు పెట్టారు. ఆయన నాలుగు బొమ్మలు గీసి చూపించాడు. మొదటిది అచ్చం రాజే: జారిన బుగ్గలు, పైకి సన్నబడిన తల. తర్వాతి రెండింటిలో బుగ్గలు ఇంకా బరువెక్కాయి, తల ఇంకా సన్నబడింది. నాలుగోది ఉత్త బేరిపండు. వీటిలో దేన్ని శిక్షిస్తారని ఆయన వాదన. జైలుశిక్ష తప్పలేదు గానీ, ఆ పండు రాజుకు మారుపేరై గోడలకెక్కింది.

కిటుకంతా ఆ నాలుగు బొమ్మల్లోనే ఉంది. పదిమంది ముఖాలకూ ఈ ముఖానికీ ఎక్కడ తేడా ఉందో అక్కడే సాగదీయాలి. మిగతాది ముట్టుకోకూడదు. ముక్కూ చెవులూ గడ్డమూ అన్నీ పెంచేస్తే వికారమైన ముఖమొకటి వస్తుంది, మనిషి మాత్రం తప్పిపోతాడు.

న్యూయార్క్‌లో థామస్ నాస్ట్ అవినీతి నేత ట్వీడ్‌ను పెద్ద బొజ్జతో పదేపదే గీశాడు. 1876లో స్పెయిన్‌కు పారిపోయిన ట్వీడ్‌ను అక్కడి అధికారులు నాస్ట్ బొమ్మను బట్టే పట్టుకున్నారు. ఆ బొమ్మలో అతను ఇద్దరు పిల్లల్ని పట్టుకుని ఉంటాడు. ఇంగ్లీషు రాని అధికారులు అతన్ని పిల్లల్నెత్తుకెళ్లేవాడనుకున్నారని చెబుతారు. మనిషిని ముఖమే పట్టిచ్చింది. సంగతి చెప్పాల్సిన రాత మాత్రం వాళ్లకు అందలేదు.

తెలుగులో తొలి కార్టూనిస్టుగా చెప్పుకునే తలిశెట్టి రామారావు బొమ్మలు 1930ల నాటి 'భారతి'లో వచ్చాయి. రాజకీయ నాయకుల బొమ్మలు ఇంటింటికీ చేరింది మాత్రం ఎన్టీఆర్ కాలంలోనే అని నా నమ్మకం. 1985 నుంచి ఆయన హిందూపురం ఎమ్మెల్యే, అంటే మన ఉమ్మడి అనంతపురం జిల్లా మనిషే. కాషాయం కట్టినా అప్పటి పేపర్లు ఎక్కువగా నలుపు తెలుపే కాబట్టి రంగు అక్కరకు రాలేదు. తలపాగా, ఒళ్లంతా కప్పిన వస్త్రం గీస్తే చాలు, వెనక్కి తిరిగి నిలబడ్డా ఆయనే. పక్కన సైకిల్ వేస్తే పార్టీ పేరూ అక్కర్లేదు. చదువు రానివాళ్ల కోసం పుట్టిన ఎన్నికల గుర్తులు ఇలా కార్టూనిస్టుకూ లేబుళ్లయ్యాయి.

ఈ గుర్తులకు ఆయుష్షు తక్కువ. ఆవూదూడ కాంగ్రెస్ గుర్తుగా 1970లలో అందరికీ తెలుసు. నేటి కుర్రాడికి అది ఉత్త పశువుల బొమ్మ. పాత కార్టూన్లను మళ్లీ అచ్చువేసే సంపాదకులు కింద తేదీ, బొమ్మలో ఉన్నవాళ్ల పేర్లు, ఆనాటి సంగతి రెండు ముక్కల్లో తప్పకుండా వేయాలి.